క్రెడిట్ మిగిలి ఉన్నా ఆర్‌సీఎం ట్యాక్స్ క్యాష్‌లోనే ఎందుకు? ఒక ప్రాబ్లమ్ మొదటి నుంచి చివరి దాకా

ప్రశ్న: సర్, సీఏ ఇంటర్ రాస్తున్నాను. జీఎస్టీ నెట్ ట్యాక్స్ ప్రాబ్లమ్ చేసిన ప్రతిసారీ చివర్లో కట్టాల్సిన క్యాష్ తేడా వస్తోంది. నేను ఆర్‌సీఎం ట్యాక్స్‌ను అవుట్‌పుట్ ట్యాక్స్‌లో కలిపేసి, మొత్తం మీద ఐటీసీ తీసేస్తున్నాను. క్రెడిట్ బోలెడంత మిగిలి ఉంటే మళ్లీ క్యాష్ ఎందుకు కట్టాలి? ఇంకో డౌట్: ఆర్‌సీఎం కింద ట్యాక్స్ మనమే కడతాం కదా, దాని క్రెడిట్ ఎప్పుడూ వస్తుందా? కొన్ని సొల్యూషన్స్‌లో ఇస్తున్నారు, కొన్నింట్లో ఇవ్వట్లేదు. కార్లు, క్యాబ్‌లు వచ్చాయంటే టెన్షన్‌గా ఉంటోంది.

సమాధానం:

ముందు క్యాష్ సంగతి చూద్దాం. ఎలక్ట్రానిక్ క్రెడిట్ లెడ్జర్‌లో ఉన్న బ్యాలెన్స్‌ను దేనికి వాడుకోవచ్చో సెక్షన్ 49(4) చెబుతుంది. అవుట్‌పుట్ ట్యాక్స్ కట్టడానికి మాత్రమే అని అందులో ఉంది. మరి అవుట్‌పుట్ ట్యాక్స్ అంటే ఏమిటో సెక్షన్ 2(82)లో నిర్వచనం ఉంది. మనం చేసిన సప్లయ్ మీద పడే ట్యాక్స్ అని చెప్పి, రివర్స్ చార్జ్ మీద కట్టాల్సిన ట్యాక్స్‌ను అందులోంచి స్పష్టంగా తీసేశారు. ఈ రెండు సెక్షన్లనూ కలిపి చదివితే మీ మొదటి డౌట్ తీరిపోతుంది. ఆర్‌సీఎం ట్యాక్స్ మన లయబిలిటీయే, కాదనడానికి లేదు. కానీ అది అవుట్‌పుట్ ట్యాక్స్ కాదు కాబట్టి క్రెడిట్ లెడ్జర్‌లో కోటి రూపాయలున్నా దానికి పనికిరాదు. క్యాష్ లెడ్జర్ నుంచే వెళ్లాలి. మీరు ఆ రెండింటినీ ఒకే కాలమ్‌లో కూడిన క్షణంలోనే జవాబు తప్పిపోతోంది.

రెండో డౌట్ ఇంకా ముఖ్యమైనది. ఆర్‌సీఎం విషయంలో చాలామంది రెండు వేర్వేరు ప్రశ్నలను కలిపేస్తారు. ఈ ట్యాక్స్ ఎవరు కట్టాలి అన్నది ఒక ప్రశ్న. కట్టిన ట్యాక్స్‌కు క్రెడిట్ వస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. మొదటి దానికి జవాబు సెక్షన్ 9(3), దాని కింద వచ్చిన నోటిఫికేషన్ 13/2017 లో ఉంటుంది. రెండో దానికి జవాబు సెక్షన్ 16, 17 లో ఉంటుంది. బ్లాక్డ్ క్రెడిట్ల గురించి చెప్పే సెక్షన్ 17(5), ట్యాక్స్‌ను సప్లయర్ కట్టాడా, మనం కట్టామా అన్నది చూడదు. కొన్నది ఏమిటి, ఎందుకు వాడాం అన్నదే చూస్తుంది. అందువల్ల ఒకే ఖర్చు మీద ఆర్‌సీఎం ట్యాక్స్ క్యాష్‌లో కట్టాల్సి రావడం, ఆ క్రెడిట్ కూడా రాకపోవడం రెండూ జరగవచ్చు. మీరు చూసిన సొల్యూషన్స్‌లో తేడా అక్కడే వచ్చి ఉంటుంది. పేపర్ సెట్ చేసేవాళ్లకు ఇష్టమైన చోటు కూడా అదే.

ఒక ప్రాబ్లమ్ తీసుకుని పూర్తిగా చేద్దాం. అంకెలు చేతితో చేసుకోగలిగేలా పెట్టాను.

విజయవాడలో ఫ్యాక్టరీ ఉన్న ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టర్ అయి ఉంది. తయారు చేసే సరుకంతా ట్యాక్సబులే. గత సంవత్సరం టర్నోవర్ 3 కోట్లు. డిసెంబర్ 2025 వివరాలు కింద ఉన్నాయి. విలువలన్నీ ట్యాక్స్ కలపకుండా ఇచ్చినవి. వేరే రేటు చెప్పకపోతే సీజీఎస్టీ 9%, ఎస్‌జీఎస్టీ 9%, ఐజీఎస్టీ 18%. ఓపెనింగ్ క్రెడిట్ ఏమీ లేదు. సెక్షన్ 16 షరతులన్నీ పూర్తయ్యాయి. ఆర్‌సీఎం వర్తించే బిల్లులకు డబ్బు ఈ నెలలోనే ఇచ్చేశారు.

- రాష్ట్రంలో అమ్మకాలు ₹12,00,000. హైదరాబాద్ డీలర్‌కు అమ్మకాలు ₹5,00,000
- చెన్నై నుంచి ముడిసరుకు ₹8,00,000. గుంటూరు నుంచి ముడిసరుకు ₹6,00,000
- విజయవాడ గూడ్స్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీకి లారీ కిరాయి ₹80,000, రేటు 5%. ఏజెన్సీ తానే ట్యాక్స్ కట్టే ఆప్షన్ తీసుకోలేదు
- స్థానిక న్యాయవాదికి ఫీజు ₹1,00,000
- ఉద్యోగులను తీసుకురావడానికి ఒక వ్యక్తి దగ్గర అద్దెకు తీసుకున్న 7 సీట్ల క్యాబ్‌లు, ఆయిల్ ఖర్చు అద్దెలోనే కలిపి ₹60,000, రేటు 5%. యజమాని బిల్లులో ట్యాక్స్ వేయలేదు
- మేనేజింగ్ డైరెక్టర్ వాడకానికి 5 సీట్ల కారు ₹10,00,000, స్థానిక డీలర్ దగ్గర
- సరుకు డెలివరీకి వ్యాన్ ₹6,00,000, స్థానిక డీలర్ దగ్గర
- ఫ్యాక్టరీ క్యాంటీన్‌కు స్థానిక క్యాటరర్ బిల్లు ₹1,20,000, ట్యాక్స్ 5% బిల్లులోనే వేశారు. కార్మికులకు క్యాంటీన్ పెట్టడం చట్టప్రకారం ఈ కంపెనీకి తప్పనిసరి

కాగితం మీద మొదట మూడు ముక్కలు చేసుకోండి. ఒక దాంట్లో మన అమ్మకాల మీద ట్యాక్స్, ఇంకోదాంట్లో ఆర్‌సీఎం ట్యాక్స్, మూడోదాంట్లో క్రెడిట్. మొదటిదీ రెండోదీ చివరి దాకా కలవకూడదు. ఇదొక్కటి చేతికి అలవాటైతే సగం తప్పులు పోతాయి.

అమ్మకాలు. ఇందులో పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. రాష్ట్రంలో అమ్మకాల మీద సీజీఎస్టీ 1,08,000, ఎస్‌జీఎస్టీ 1,08,000. హైదరాబాద్ వేరే రాష్ట్రంలో ఉంది కాబట్టి ఐజీఎస్టీ 90,000. అవుట్‌పుట్ ట్యాక్స్ అంటే ఇంతే.

ఆర్‌సీఎం. ఇక్కడ ప్రతి ఎంట్రీలో మూడు విషయాలు చూడాలి: సర్వీస్ ఏమిటి, ఇచ్చింది ఎవరు, పుచ్చుకున్నది ఎవరు. సర్వీస్ పేరు చూడగానే ఆర్‌సీఎం అని రాసేయడం పొరపాటు. మూడూ కుదిరితేనే వర్తిస్తుంది.

లారీ కిరాయి ఇచ్చింది గూడ్స్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీ, కిరాయి భరించింది కంపెనీ, ఏజెన్సీ తానే ట్యాక్స్ కట్టే ఆప్షన్ తీసుకోలేదు. మూడూ కుదిరాయి. 80,000 మీద 5% అంటే సీజీఎస్టీ 2,000, ఎస్‌జీఎస్టీ 2,000.

న్యాయవాది ఫీజు విషయంలో గత సంవత్సరం టర్నోవర్ ఎంత అన్నది చూడాలి. రిజిస్ట్రేషన్ మినహాయింపు పరిమితికి లోబడి టర్నోవర్ ఉన్న వ్యాపారానికి న్యాయవాది ఇచ్చే సర్వీస్‌కు అసలు ట్యాక్సే లేదు. ఇక్కడ 3 కోట్లు కాబట్టి ట్యాక్స్ ఉంది, కట్టాల్సింది కంపెనీ. 9,000, 9,000. ప్రాబ్లమ్‌లో గత సంవత్సరం టర్నోవర్ ఇచ్చారంటే ఊరికే ఇవ్వలేదని గుర్తుపట్టండి.

క్యాబ్‌ల దగ్గర కాస్త ఆగుదాం. మనుషులను తీసుకెళ్లే వాహనాన్ని ఆయిల్ ఖర్చు కలిపి అద్దెకు ఇచ్చే సర్వీస్‌లో, ఇచ్చేవారు బాడీ కార్పొరేట్ కాకుండా, పుచ్చుకున్నవారు బాడీ కార్పొరేట్ అయి, ఇచ్చేవారు ఎక్కువ రేటు ట్యాక్స్ వేసి ఇన్వాయిస్ ఇవ్వకపోతే ఆర్‌సీఎం వర్తిస్తుంది. మన ప్రాబ్లమ్‌లో యజమాని ఒక వ్యక్తి, అద్దెకు తీసుకున్నది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, అద్దెలో ఆయిల్ కలిసే ఉంది, బిల్లులో ట్యాక్స్ వేయలేదు. అన్నీ కుదిరాయి. 60,000 మీద 5%, అంటే 1,500, 1,500. ఇదే క్యాబ్‌లను ఒక ప్రొప్రయిటర్ తన వ్యాపారానికి అద్దెకు తీసుకుని ఉంటే ఈ ఎంట్రీ కింద ఆర్‌సీఎం వచ్చేది కాదు, ఎందుకంటే ప్రొప్రయిటర్ బాడీ కార్పొరేట్ కాడు. న్యాయవాది ఎంట్రీలో మాత్రం బిజినెస్ ఎంటిటీ అయితే చాలు. ఎంట్రీ ఎంట్రీకీ పుచ్చుకునేవారి షరతు మారుతుందని ఇక్కడ తెలుస్తుంది.

మూడూ కలిపితే ఆర్‌సీఎం ట్యాక్స్ సీజీఎస్టీ 12,500, ఎస్‌జీఎస్టీ 12,500. ఈ 25,000 కింద గీత గీసి పక్కన క్యాష్ అని రాసేయండి. ఇక దాన్ని ముట్టుకోవద్దు.

డబ్బు ఈ నెలలోనే ఇచ్చేశారని ప్రాబ్లమ్‌లో ఎందుకు చెప్పారంటే, ఆర్‌సీఎం సర్వీసులకు టైమ్ ఆఫ్ సప్లయ్ లెక్కించేటప్పుడు చెల్లింపు తేదీని కూడా చూస్తారు. సెక్షన్ 13(3)లో ఇచ్చిన తేదీల్లో ఏది ముందైతే అదే లెక్క. చెల్లింపు ఈ నెలలో జరిగితే ట్యాక్స్ వచ్చే నెలకు జారిపోదు. బిల్లు పెండింగ్‌లో ఉందని ప్రాబ్లమ్‌లో ఉంటే మాత్రం టైమ్ ఆఫ్ సప్లయ్ తేల్చకుండా ఆ అంకెను ఇందులోకి తేకండి.

క్రెడిట్. ఇక అసలు పని ఇదే. ముడిసరుకు రెండు బిల్లులూ మామూలే: చెన్నై సరుకు మీద ఐజీఎస్టీ 1,44,000, గుంటూరు సరుకు మీద 54,000, 54,000.

లారీ కిరాయి, న్యాయవాది ఫీజు మీద మనం క్యాష్‌లో కట్టిన ఆర్‌సీఎం ట్యాక్స్‌కు క్రెడిట్ ఉంది. ఇవి వ్యాపారానికి వాడినవే, 17(5) లిస్టులో ఎక్కడా లేవు. అందువల్ల 2,000 కూ 9,000 కూ చెరో వైపు క్రెడిట్ వస్తుంది. అది ఇదే నెలలో తీసుకోవచ్చు. GSTR-3B లో ఆర్‌సీఎం లయబిలిటీ 3.1(d) లో, దాని క్రెడిట్ 4(A)(3) లో ఒకే రిటర్న్‌లో చూపిస్తారు. ఇక్కడ ఒక సందేహం రావచ్చు: క్యాష్‌లో కట్టినది మళ్లీ క్రెడిట్‌గా వచ్చేస్తే కట్టడం ఎందుకని. క్యాష్ ముందు ప్రభుత్వానికి చేరాలి, ఆ తర్వాతే అది క్రెడిట్ అవుతుంది. అలా వచ్చిన క్రెడిట్‌ను అమ్మకాల ట్యాక్స్‌కే వాడాలి, దాన్ని పుట్టించిన ఆర్‌సీఎంకు కాదు.

క్యాబ్‌ల మీద కట్టిన 1,500, 1,500 కు మాత్రం క్రెడిట్ లేదు. డ్రైవర్‌తో కలిపి 13 మంది దాకా కూర్చునే, మనుషులను తీసుకెళ్లే వాహనాలను అద్దెకు తీసుకోవడం 17(5)లో బ్లాక్ అయింది. ఉద్యోగుల కోసం వాడారు, అది వ్యాపారమే కదా అని వాదించడానికి వీల్లేదు. వ్యాపారానికి వాడినా సరే ఇవ్వం అని చెప్పడానికే 17(5) ఉంది. కంపెనీ అదే రకం వాహనాలను తిరిగి అద్దెకు ఇచ్చే వ్యాపారం చేస్తే క్రెడిట్ వచ్చేది. లేదా ఈ రవాణా ఏర్పాటు చేయడం ఏదైనా చట్టప్రకారం యజమాని బాధ్యత అని ప్రాబ్లమ్‌లో చెప్పి ఉంటే వచ్చేది. ఇక్కడ రెండూ లేవు. కాబట్టి ఇదే మీరు అడిగిన రకం: క్యాష్‌లో కట్టాలి, క్రెడిట్ రాదు, ఆ 3,000 క్యాబ్ ఖర్చులో కలిసిపోతుంది.

కారుదీ ఇదే దారి. మనుషులను తీసుకెళ్లే, 13 సీట్లకు మించని వాహనం. కార్ల డీలర్ అయితేనో, ప్రయాణికుల రవాణా చేస్తేనో, డ్రైవింగ్ స్కూల్ నడిపితేనో క్రెడిట్ వచ్చేది. ఈ కంపెనీ సరుకు తయారుచేస్తుంది. 90,000, 90,000 మొత్తం బ్లాక్. ఆ కారు ఇన్సూరెన్స్, సర్వీసింగ్, రిపేర్ బిల్లులు వచ్చినా అంతే. ఈ 1,80,000 కారు ఖరీదులో కలుస్తుంది.

వ్యాన్ దగ్గర చాలామంది తడబడతారు. మోటారు వాహనం అనగానే బ్లాక్ అని కొట్టేస్తారు. 17(5)లోని ఆ క్లాజ్ మనుషులను తీసుకెళ్లే వాహనాల గురించే మాట్లాడుతుంది. సరుకు మోసే వ్యాన్, లారీ అందులోకి రానే రావు. కాబట్టి 54,000, 54,000 పూర్తిగా క్రెడిట్. క్యాపిటల్ గూడ్స్ కదా, విడతలుగా తీసుకోవాలా అని అడుగుతుంటారు. అవసరం లేదు, ఒకేసారి తీసుకోవచ్చు. ఒక్కటే జాగ్రత్త: ట్యాక్స్ మొత్తాన్ని కూడా ఖరీదులో కలిపి ఆదాయపు పన్నులో డిప్రిసియేషన్ క్లెయిమ్ చేస్తే, సెక్షన్ 16(3) ప్రకారం ఆ క్రెడిట్ పోతుంది. ప్రాబ్లమ్‌లో ఒక చిన్న వాక్యంలో ఈ సంగతి దాచిపెడతారు, చదవకుండా దాటేయకండి.

క్యాటరింగ్ మామూలుగా బ్లాక్డ్ లిస్టులోదే. కానీ ఆ క్లాజ్ చివర ఒక మినహాయింపు ఉంది: ఏదైనా అమల్లో ఉన్న చట్టం కింద ఉద్యోగులకు ఇవ్వడం యజమానికి తప్పనిసరి అయితే క్రెడిట్ వస్తుంది. ఈ మినహాయింపు దాని ముందున్న ఒక్క ముక్కకే వర్తిస్తుందా, భోజనం, వాహనాల అద్దె, ఇన్సూరెన్స్, క్లబ్ సభ్యత్వం ఉన్న క్లాజ్ మొత్తానికా అని మొదట్లో గందరగోళం ఉండేది. 2022 జూలై 6 న వచ్చిన సర్క్యులర్ 172 మొత్తం క్లాజ్‌కూ వర్తిస్తుందని తేల్చింది. అందుకే ఇక్కడ 3,000, 3,000 క్రెడిట్ ఉంది. జవాబులో క్యాంటీన్ చట్టప్రకారం తప్పనిసరి కాబట్టి అని ఒక వాక్యం తప్పకుండా రాయండి. దిద్దేవాళ్లు మార్కు ఆ కారణానికే వేస్తారు, అంకె ఒక్కటే ఉంటే ఊహించి రాశారేమో అనిపిస్తుంది.

కూడికలు వేద్దాం. సీజీఎస్టీ క్రెడిట్: 54,000, 2,000, 9,000, 54,000, 3,000. మొత్తం 1,22,000. ఎస్‌జీఎస్టీ కూడా 1,22,000. ఐజీఎస్టీ 1,44,000.

సెటాఫ్. వరుస ముఖ్యం. సెక్షన్ 49A, రూల్ 88A ప్రకారం ఐజీఎస్టీ క్రెడిట్‌ను పూర్తిగా ఖర్చు చేశాకే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ క్రెడిట్ ముట్టుకోవాలి. ఐజీఎస్టీ క్రెడిట్‌తో మొదట ఐజీఎస్టీ లయబిలిటీ తీర్చాలి. మిగిలినదాన్ని సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీలకు ఏ వరుసలోనైనా, ఏ నిష్పత్తిలోనైనా వాడుకోవచ్చు.

ఐజీఎస్టీ 1,44,000 లో 90,000 హైదరాబాద్ అమ్మకం ట్యాక్స్‌కు పోతే 54,000 మిగిలింది. దాన్ని సమానంగా పంచుతున్నానని ఒక వర్కింగ్ నోట్ రాసి, సీజీఎస్టీకి 27,000, ఎస్‌జీఎస్టీకి 27,000 వేద్దాం. సీజీఎస్టీ 1,08,000 లో ఇంకా 81,000 ఉంది, దాన్ని సీజీఎస్టీ క్రెడిట్ నుంచి తీరుస్తాం. 1,22,000 లో 81,000 పోతే 41,000 మిగులు. ఎస్‌జీఎస్టీలోనూ అంతే.

| | ఐజీఎస్టీ | సీజీఎస్టీ | ఎస్‌జీఎస్టీ |
|---|---|---|---|
| అవుట్‌పుట్ ట్యాక్స్ | 90,000 | 1,08,000 | 1,08,000 |
| ఐజీఎస్టీ క్రెడిట్ నుంచి | 90,000 | 27,000 | 27,000 |
| సొంత హెడ్ క్రెడిట్ నుంచి | – | 81,000 | 81,000 |
| అవుట్‌పుట్ మీద క్యాష్ | 0 | 0 | 0 |
| ఆర్‌సీఎం, క్యాష్‌లో | – | 12,500 | 12,500 |
| తర్వాతి నెలకు మిగిలే క్రెడిట్ | 0 | 41,000 | 41,000 |

కాబట్టి అమ్మకాల మీద క్యాష్ ఒక్క రూపాయి కూడా లేదు. లెడ్జర్‌లో 82,000 మిగిలింది. అయినా బ్యాంకు నుంచి 25,000 కట్టాలి. మీ మొదటి డౌట్‌కు అంకెల్లో జవాబు ఇదే.

ఐజీఎస్టీ మిగులును వేరేలా పంచితే జవాబు తప్పా అని అడుగుతారు. తప్పు కాదు. మొత్తం 54,000 సీజీఎస్టీకి వేస్తే అక్కడ 68,000, ఎస్‌జీఎస్టీలో 14,000 మిగులుతుంది. మొత్తం మళ్లీ 82,000. అయితే పంపకం నిజంగా ముఖ్యమయ్యే సందర్భం ఒకటి ఉంది. సీజీఎస్టీ క్రెడిట్ తక్కువగా ఉండి, ఎస్‌జీఎస్టీ క్రెడిట్ తన లయబిలిటీకి సరిపోతుంటే, ఐజీఎస్టీ మిగులును తక్కువ ఉన్న వైపే వేయాలి. సీజీఎస్టీ క్రెడిట్‌తో ఎస్‌జీఎస్టీ, ఎస్‌జీఎస్టీ క్రెడిట్‌తో సీజీఎస్టీ కట్టలేం కాబట్టి, అక్కడ సగం సగం పంచితే ఒక వైపు అనవసరంగా క్యాష్ కట్టి ఇంకో వైపు క్రెడిట్ దాచుకున్నట్టవుతుంది. ప్రశ్నలో మినిమమ్ క్యాష్ అని అడిగితే దీన్నే చూస్తున్నారు.

మీ సొంత జవాబు ఎక్కడ తప్పిందో మీరే పట్టుకోవడానికి, ఈ ప్రాబ్లమ్‌లో ఒక్కో తప్పుకు ఏ అంకె వస్తుందో చెబుతాను. క్యాష్ సున్నా, రెండు వైపులా మిగులు 28,500 వచ్చిందంటే ఆర్‌సీఎంను క్రెడిట్‌తో తీర్చేశారు. మీరు చెప్పిన పద్ధతిలో వచ్చేది ఇదే. క్యాష్ 25,000 సరిగ్గానే వచ్చి మిగులు 42,500 చొప్పున ఉంటే క్యాబ్ క్రెడిట్ తీసుకున్నారు. మిగులు 30,000 చొప్పున వస్తే తప్పు అటు వైపు జరిగింది, లారీ కిరాయి, న్యాయవాది ఫీజు మీద కట్టిన ట్యాక్స్‌కు క్రెడిట్ తీసుకోవడం మర్చిపోయారు. 38,000 అయితే క్యాంటీన్‌ను బ్లాక్ చేశారు. 1,31,000 అయితే కారు క్రెడిట్ లోపలికి వచ్చేసింది. మిగులు లేకపోగా రెండు వైపులా 13,000 చొప్పున కట్టాల్సి వచ్చిందంటే డెలివరీ వ్యాన్‌ను కారులా చూశారు. పేపర్ దిద్దుతుంటే ఆఖరి అంకె చూడగానే లోపల ఏం జరిగిందో చాలాసార్లు తెలిసిపోతుంది. మీరూ ప్రాక్టీస్‌లో తేడా వచ్చినప్పుడు ఆ తేడా మొత్తం ఏ ఐటమ్ ట్యాక్స్‌తో సరిపోతుందో ముందు వెతకండి.

ఇప్పుడు ఇదే ప్రాబ్లమ్‌లో ఒక్కో వాక్యం మార్చి చూద్దాం, రెండు ప్రశ్నలూ వేర్వేరని ఇంకా బాగా తెలుస్తుంది.

7 సీట్ల క్యాబ్‌ల బదులు అదే వ్యక్తి దగ్గర అదే అద్దెకు 20 సీట్ల బస్సు తీసుకున్నారనుకోండి. ఎవరు కట్టాలి అన్న జవాబు మారదు, ఆర్‌సీఎం 1,500, 1,500 ఉంటుంది, క్యాష్ 25,000 అలాగే ఉంటుంది. కానీ 13 సీట్లు దాటింది కాబట్టి క్రెడిట్ వస్తుంది, మిగులు 42,500 చొప్పున అవుతుంది. అంటే సీట్ల సంఖ్య ఆర్‌సీఎంను కదిలించలేదు, క్రెడిట్‌ను మాత్రమే కదిలించింది.

దీనికి ఎదురుగా, క్యాబ్‌లు 7 సీట్లవే, అద్దెకు ఇచ్చింది మాత్రం ఒక ప్రైవేట్ లిమిటెడ్ ట్రావెల్స్ కంపెనీ, 5% ట్యాక్స్ బిల్లులోనే వేసింది అనుకోండి. సప్లయర్ బాడీ కార్పొరేట్ అయ్యేసరికి ఆర్‌సీఎం పోయింది. క్యాష్ 22,000కు తగ్గింది, ఆ 3,000 ఇప్పుడు బిల్లుతో పాటు ట్రావెల్స్ వాళ్లకు వెళ్తుంది. క్రెడిట్ మాత్రం ముందులాగే బ్లాక్, మిగులు 41,000 చొప్పునే. సప్లయర్ ఎవరన్నది ఆర్‌సీఎంను కదిలించింది, క్రెడిట్‌ను కదిలించలేదు.

లారీ ఏజెన్సీ తానే ట్యాక్స్ కడతానని ఆప్షన్ తీసుకుని 18% వేసి బిల్లు ఇచ్చిందనుకుంటే, అప్పుడు రెండూ మారతాయి. 80,000 మీద 7,200, 7,200 మామూలు క్రెడిట్‌గా వస్తుంది, ఆర్‌సీఎంలో 2,000, 2,000 తగ్గుతుంది. క్యాష్ 21,000, మిగులు 46,200 చొప్పున. గూడ్స్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీ అన్న మాట కనిపించగానే పెన్ను ఆర్‌సీఎం వైపు పోకుండా, బిల్లులో ట్యాక్స్ వేశారో లేదో చూడమని అందుకే చెబుతాను.

మీ దగ్గర ఉన్న మెటీరియల్ పాతదైతే ఒక హెచ్చరిక. ఆర్‌సీఎం లిస్టు తరచూ మారుతోంది. రిజిస్టర్ కాని వ్యక్తి నుంచి రిజిస్టర్ అయినవారు కమర్షియల్ బిల్డింగ్ అద్దెకు తీసుకుంటే 2024 అక్టోబర్ 10 నుంచి ఆర్‌సీఎం వచ్చింది. తర్వాత కాంపోజిషన్ వ్యాపారులను అందులోంచి తీసేశారు. స్పాన్సర్‌షిప్‌ను బాడీ కార్పొరేట్ ఇస్తే 2025 జనవరి 16 నుంచి ఆర్‌సీఎం లేదు, ఇచ్చిన కంపెనీయే ట్యాక్స్ వేయాలి. రేట్లు కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి మారాయి. ప్రాబ్లమ్‌లో రేటు ఇస్తే ఆ రేటే వాడండి, ఇవ్వకపోతే మీ అటెంప్ట్‌కు వర్తించే సవరణలు చూసుకోండి. 2024కు ముందు అచ్చయిన సొల్యూషన్‌లో ఆఫీసు అద్దెకు ఆర్‌సీఎం వేయలేదంటే అది తప్పు కాదు, అప్పటికి ఆ ఎంట్రీ లేదు.

చివరగా, బ్లాక్ అయిన క్రెడిట్‌ను జవాబులో అసలు రాయకుండా వదిలేయడం చూస్తుంటాను. అలా చేయకండి. క్రెడిట్ టేబుల్‌లో కారు, క్యాబ్‌లు రెండూ వరుసగా రాసి, ఎదురుగా నిల్ అని పెట్టి, కారణం ఒక్క వాక్యంలో రాయండి: మనుషుల రవాణాకు 13 సీట్లకు మించని వాహనం, సెక్షన్ 17(5) ప్రకారం బ్లాక్. రిటర్న్‌లో కూడా దాదాపు ఇదే జరుగుతుంది. కారు డీలర్ వేసిన ట్యాక్స్ GSTR-2B ద్వారా 4(A) లో కనిపిస్తుంది, దాన్ని 4(B)(1) లో రివర్స్ చేస్తారు, అంతే గాని కనిపించకుండా చేయరు.

ఈ ప్రాబ్లమ్‌ను పుస్తకం మూసి ఇంకోసారి చేయండి. ఈసారి న్యాయవాది ఫీజును ఆడిట్ చేసే చార్టర్డ్ అకౌంటెంట్ ఫీజుగా మార్చండి, రిజిస్టర్ అయిన సీఏ 18% ట్యాక్స్ బిల్లులోనే వేశారనుకోండి. క్యాష్ 7,000 రావాలి, మిగులు మాత్రం 41,000 చొప్పునే ఉండాలి.